మూడు తలుపుల లెక్క: ఫోటోలో రెండే తలుపులు మిగిలినా, మారితే గెలిచే ఛాన్స్ ఎందుకు పెరుగుతుంది?

అనంతపురంలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు లెక్కలు చెప్తుంటాను. ఏడాదికి నాలుగైదుసార్లు నా ఫోన్‌కి దాదాపు ఒకే ఫోటో వస్తుంది. రూళ్ళ నోట్‌బుక్ పేజీ, పేజీ ఎగరకుండా మూలన బొటనవేలు. బాల్‌పెన్నుతో గీసిన మూడు తలుపులు. ఒకటో తలుపు మీద టిక్ మార్కు. మూడో తలుపు తెరిచి ఉంటుంది, లోపల రెండు కొమ్ములతో మేక. రెండో తలుపు మీద పెద్ద ప్రశ్నార్థకం. కింద ప్రశ్న కూడా అదే: "సార్, ఒక తలుపు పోయింది కదా, ఇంక రెండే కదా మిగిలింది. సగం సగమే కదా? మారితే ఛాన్స్ ఎక్కువని ఎట్ల చెప్తారు?"

ఆట ఇది. మూడు తలుపుల్లో ఒకదాని వెనక కారు ఉంది, మిగతా రెండింటి వెనక మేకలు. మీరు ఒక తలుపు ఎంచుకుంటారు. కారు ఎక్కడుందో తెలిసిన యాంకర్, మీరు ఎంచుకోని రెండింటిలో మేక ఉన్న ఒక తలుపు తెరిచి చూపిస్తాడు. తర్వాత "మీ తలుపే ఉంచుకుంటారా, రెండోదానికి మారతారా?" అని అడుగుతాడు. స్టీవ్ సెల్విన్ అనే గణాంక శాస్త్రవేత్త 1975లో దీన్ని ఒక పత్రికకు లేఖగా రాశాడు. అమెరికా టీవీలో ఇలాంటి ఆట నడిపిన మాంటీ హాల్ పేరు మీదుగా దీనికి ఆ పేరే స్థిరపడింది.

మారితే గెలిచే అవకాశం మూడింట రెండు, మారకపోతే మూడింట ఒకటి. ఇది ఎలా వస్తుందో మీ చేత్తోనే తేల్చుకునే పద్ధతి కింద రాస్తున్నాను. నేను ఫోన్లో చెప్పినప్పుడు ఒప్పుకున్నవాళ్ళు కూడా మరుసటి రోజు మళ్ళీ "సగం సగమే కదా సార్" అంటారు. అందుకే చదివి వదిలేయకుండా పెన్ను పట్టుకుని చేయండి.

కావలసినవి

మీరు గీసిన ఆ బొమ్మ, ఒక ఖాళీ పేజీ, పెన్ను. తర్వాత ఆడి చూడటానికి మూడు పేపర్ టీ కప్పులు, ఒక శెనక్కాయ గింజ, ఒక పాచిక, ఒక రూపాయి బిళ్ళ, తోడుగా ఇంకో మనిషి. స్టీలు గ్లాసులు వద్దు. గింజ తగిలితే చప్పుడవుతుంది, ఏ గ్లాసులో ఉందో చెవికి తెలిసిపోతుంది. తోడు ఎవరూ లేకపోతే కంప్యూటర్‌తో చేసే దారి చివర ఉంది.

1. ముందు ఫోటోలో లేనిదాన్ని రాసుకోండి

ఫోటోలో కనిపించేది ఆట చివరి క్షణం మాత్రమే. మూడో తలుపు తెరిచి ఉంది, మేక ఉంది. ఆ తలుపు ఎలా తెరుచుకుందో ఫోటో చెప్పదు. లెక్కంతా దానిమీదే ఆధారపడి ఉంది. కాబట్టి బొమ్మ పక్కనే ఈ నాలుగు మాటలు రాయండి:

- కారు మూడు తలుపుల్లో దేని వెనకైనా సమాన అవకాశంతో పెట్టారు.
- యాంకర్‌కి కారు ఎక్కడుందో తెలుసు.
- మీరు ఏది ఎంచుకున్నా, అతను ప్రతిసారీ మిగతా రెండింటిలో మేక ఉన్న తలుపే తెరుస్తాడు, మారే అవకాశమూ ప్రతిసారీ ఇస్తాడు.
- ఆ రెండింటి వెనకా మేకలే ఉంటే, బొమ్మాబొరుసూ వేసినట్టు ఏదో ఒకటి తెరుస్తాడు.

మీ ప్రశ్నలో ఈ మాటలు లేకపోతే, ఎవరు అడిగారో వాళ్ళనే అడిగి తెలుసుకోండి. "యాంకర్ ఒక తలుపు తెరిచాడు" అని మాత్రమే ఉండి, అతనికి తెలుసా లేదా అన్నది లేకపోతే ఆ ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. నాకు వచ్చే ఫోటోల్లో సగానికి పైగా ఈ మాట వదిలేసినవే.

మేక అని రాస్తే కొందరు పిల్లలు "మేక వస్తే మాత్రం నష్టమేంది సార్?" అని అడుగుతారు. మన వైపు అది న్యాయమైన ప్రశ్నే. అలా అనిపిస్తే మేక బదులు "ఖాళీ" అని రాసుకోండి, లెక్క మారదు.

2. ఒక బొమ్మను మూడు బొమ్మలు చేయండి

ఖాళీ పేజీలో ఒకదాని కింద ఒకటిగా మూడు వరుసలు గీయండి. ప్రతి వరుసలో మూడు తలుపులు, ప్రతి వరుసలో ఒకటో తలుపు మీద టిక్. మొదటి వరుసలో కారు ఒకటో తలుపు వెనక, రెండో వరుసలో రెండో తలుపు వెనక, మూడో వరుసలో మూడో తలుపు వెనక రాయండి. ఇంకా ఏ తలుపూ తెరవద్దు.

ఇక్కడ చాలామంది తొందరపడతారు. మూడో తలుపులో మేక ఉందని ఫోటోలోనే చూశాం కదా, మూడో వరుస ఎందుకని కొట్టేస్తారు. కొట్టేస్తే రెండు వరుసలే మిగులుతాయి, రెండూ సమానమే అనిపిస్తుంది, సగం సగం వచ్చేస్తుంది. తప్పు పుట్టేది సరిగ్గా ఇక్కడే. మిగిలిన రెండు వరుసల్లోనూ యాంకర్ మూడో తలుపు తెరవడం ఒకే తీరుగా జరగదు. ఆ తేడా చూడకముందే వరుస కొట్టేస్తే తేడా కూడా దాంతోపాటే పోతుంది.

3. ప్రతి వరుసలో యాంకర్‌కి ఎంత వీలుందో చూడండి

మొదటి వరుస: కారు మీ తలుపు వెనకే ఉంది. యాంకర్‌కి రెండోదీ మూడోదీ రెండూ ఖాళీయే, ఏదైనా తెరవచ్చు. కాబట్టి మూడో తలుపు సగం సార్లే తెరుస్తాడు.

రెండో వరుస: కారు రెండో తలుపు వెనక ఉంది. మీ తలుపు తెరవకూడదు, కారున్న తలుపూ తెరవకూడదు. మూడోది తెరవడం తప్ప అతనికి దారి లేదు. ప్రతిసారీ మూడోదే.

మూడో వరుస: కారు మూడో తలుపు వెనక ఉంది. రెండోది తెరిచి తీరాలి. మూడోది ఎప్పుడూ తెరవడు.

ఇప్పుడు మీ ఫోటో వైపు మళ్ళీ చూడండి. మూడో తలుపు తెరిచి ఉంది. రెండో వరుసలో ఇది ప్రతిసారీ జరుగుతుంది, మొదటి వరుసలో రెండుసార్లకు ఒకసారే జరుగుతుంది. అంటే మీ చేతిలో ఉన్న ఫోటో రెండో వరుస నుంచి వచ్చే అవకాశం మొదటి వరుస నుంచి వచ్చేదానికి రెట్టింపు. ఇంటర్లో బేయీస్ సిద్ధాంతం చదివినవాళ్ళకు ఇది తెలిసిన విషయమే, సూత్రం లేకుండా అదే పని చేస్తున్నాం.

4. పద్దెనిమిది ఆటలు కాగితం మీద ఆడండి

భిన్నాలు చూడగానే టెన్షన్ పడేవాళ్ళ కోసం నేను 18 ఆటలు తీసుకుంటాను. మూడు వరుసలకూ సమానంగా పంచడానికి, మొదటి వరుసను మళ్ళీ సగం చేయడానికి అది వీలైన సంఖ్య. ఒక్కో వరుసకు 6 ఆటలు. అన్నిట్లోనూ మీరు ఎంచుకున్నది ఒకటో తలుపే.

- కారు 1లో ఉన్న 6 ఆటలు: 3 సార్లు 2 తెరుస్తాడు, 3 సార్లు 3 తెరుస్తాడు.
- కారు 2లో ఉన్న 6 ఆటలు: 6 సార్లూ 3 తెరుస్తాడు.
- కారు 3లో ఉన్న 6 ఆటలు: 6 సార్లూ 2 తెరుస్తాడు.

మీ ఫోటోకి సరిపోయేవి మూడో తలుపు తెరిచిన ఆటలు. అవి 3, 6 కలిపి మొత్తం 9. ఆ తొమ్మిదింటిలో కారు ఒకటో తలుపు వెనక ఉన్నవి 3, రెండో తలుపు వెనక ఉన్నవి 6. మారకుండా కూర్చుంటే 9కి 3 గెలుస్తారు. మారితే 9కి 6. మూడింట రెండు అంటే ఇదే.

సరిచూసుకోవడానికి రెండో తలుపు తెరిచిన 9 ఆటలు కూడా లెక్కేయండి. అక్కడా మారకపోతే 3, మారితే 6 రావాలి. మొత్తం 18లో మారకపోతే 6, మారితే 12. ఎక్కడైనా మొత్తం 18 కాకపోతే ఏదో ఒక వరుసలో ఆటలు రెండుసార్లు లెక్కపడ్డాయనో, వదిలిపోయాయనో అర్థం.

ఇదంతా రాశాక కూడా మనసు ఒప్పుకోకపోతే ఇలా చూడండి. మీరు మొదట ఎంచుకున్నది సరైనదయ్యే అవకాశం మూడింట ఒకటి. మూడుసార్లలో రెండుసార్లు మీరు తప్పు తలుపు దగ్గరే నిలబడి ఉంటారు. అలా నిలబడ్డ ప్రతిసారీ యాంకర్ మిగిలిన ఒకే ఒక్క మేకను తీసి చూపించి, కారున్న తలుపు మూసి ఉంచక తప్పదు. మొదట తప్పు ఎంచుకున్నవాళ్ళందరినీ మారడం గెలిపిస్తుంది. మొదట తప్పు ఎంచుకునేవాళ్ళే ఎక్కువ.

5. అదే ఫోటో, తెలియని యాంకర్: జవాబు మారిపోతుంది

ఈ మెట్టు దాటేయకండి. ఇది చేస్తేనే పై లెక్క అర్థమైనట్టు.

ఈసారి యాంకర్‌కి కారు ఎక్కడుందో తెలియదనుకోండి. 2, 3 తలుపుల్లో గుడ్డిగా ఒకటి తెరుస్తాడు. మళ్ళీ 18 ఆటలు, వరుసకు 6.

- కారు 1లో: 3 సార్లు 2 తెరుస్తాడు, 3 సార్లు 3 తెరుస్తాడు. ఎప్పుడూ మేకే.
- కారు 2లో: 3 సార్లు 2 తెరుస్తాడు, కారు బయటపడుతుంది. 3 సార్లు 3 తెరుస్తాడు, మేక.
- కారు 3లో: 3 సార్లు 2 తెరుస్తాడు, మేక. 3 సార్లు 3 తెరుస్తాడు, కారు బయటపడుతుంది.

మూడో తలుపు తెరిచి, లోపల మేక కనిపించిన ఆటలు ఎన్ని? మొదటి వరుసలో 3, రెండో వరుసలో 3, మొత్తం 6. కారు ఒకటిలో ఉన్నవి 3, రెండులో ఉన్నవి 3. సగం సగం!

బాల్‌పెన్ను బొమ్మలో ఒక్క గీత కూడా మారలేదు, జవాబు మారింది. "రెండే మిగిలాయి కాబట్టి సగం సగం" అనేవాళ్ళు తెలియకుండానే ఈ రెండో ఆట లెక్క వేస్తున్నారు. వాళ్ళ లెక్క తప్పు కాదు, వాళ్ళ ఆట వేరు. తెలియని యాంకర్ ఆటలో కారు బయటపడకపోవడం కూడా ఒక వార్తే. కారు మీ తలుపు వెనక ఉంటే అది ఎలాగూ బయటపడదు. వేరేచోట ఉంటే సగం సార్లు బయటపడాలి. బయటపడలేదు కాబట్టి మీ తలుపు విలువ మూడింట ఒకటి నుంచి సగానికి పెరిగింది. తెలిసిన యాంకర్ ఆటలో మేక కనిపించడం ముందే ఖాయం. అందులో మీ తలుపు గురించి కొత్త సంగతి ఏమీ లేదు, అది మూడింట ఒకటి దగ్గరే ఉంటుంది.

ఇంకో రకం కూడా ఉంది. మీరు కారున్న తలుపు ఎంచుకున్నప్పుడు మాత్రమే "మారతారా?" అని ఆశపెట్టే యాంకర్. అతని ఆటలో మారితే ప్రతిసారీ ఓడిపోతారు. మొదటి మెట్టులో "ప్రతిసారీ" అన్న మాట రాయించింది ఇందుకే.

6. కప్పులతో ఆడి చూడండి

ఒకరు యాంకర్, ఒకరు ఆటగాడు. ఆటగాడు అటు తిరిగి ఉండాలి. యాంకర్ పాచిక వేసి 1, 2 పడితే మొదటి కప్పు కింద, 3, 4 పడితే రెండో కప్పు కింద, 5, 6 పడితే మూడో కప్పు కింద గింజ పెట్టాలి. పాచిక కూడా చప్పుడు కాకుండా గుడ్డ మీద వేయండి. మనసుకు తోచినచోట పెడితే మనుషులు ఒకే కప్పు వైపు మొగ్గుతారు, నాలుగు ఆటలయ్యేసరికి ఎదుటివాడు పసిగడతాడు.

ఆటగాడు ఒక కప్పు చూపిస్తాడు. యాంకర్ మిగతా రెండింటిలో ఖాళీ కప్పు ఎత్తుతాడు. రెండూ ఖాళీ అయితే బిళ్ళ ఎగరేసి ఒకటి ఎత్తాలి. కాకపోతే రెండూ ఖాళీగా ఉన్నప్పుడే బిళ్ళ ఎగరేస్తే గుట్టు బయటపడుతుంది. కాబట్టి ప్రతి ఆటలోనూ బిళ్ళ ఎగరేసి, అవసరం లేనప్పుడు దాన్ని పట్టించుకోకండి. తర్వాత మూడు కప్పులూ తీసి చూడండి. నోట్‌బుక్‌లో రెండు గడులు చాలు: గింజ మొదట చూపించిన కప్పు కింద ఉంటే "ఉండిపోతే గెలుపు", రెండో మూసిన కప్పు కింద ఉంటే "మారితే గెలుపు". ప్రతి ఆటా ఈ రెండింటిలో ఒకదానిలో పడాలి. 30 ఆటలు ఆడండి, అరగంట చాలు.

నేను మొదటిసారి దీన్ని మా అక్క కూతురితో మిద్దె మీద ఆడాను. 30 ఆటలయ్యాక మారితే 16, ఉండిపోతే 14 వచ్చింది. పుస్తకంలో లెక్క తెలిసి కూడా ఆ రాత్రి నాకు మనసు కుదుటపడలేదు. మర్నాడు ఆట మళ్ళీ గుర్తు చేసుకుంటే విషయం బయటపడింది. పాప గింజ ఎక్కడ పెట్టిందో మర్చిపోయి చాలాసార్లు తోచిన కప్పు ఎత్తింది. గింజ బయటపడిన ప్రతిసారీ "ఇది లెక్కలోకి రాదు, మళ్ళీ ఆడదాం" అన్నది నేనే. అలా తీసేసిన ఆటలన్నీ మారితే గెలవాల్సిన ఆటలే! ఐదో మెట్టులో చెప్పిన తెలియని యాంకర్ ఆట మేం మాకు తెలియకుండా ఆడేశాం.

కాబట్టి ఇది గట్టిగా పట్టుకోండి: యాంకర్ పొరపాటున గింజ ఉన్న కప్పు ఎత్తితే ఆ ఆటను చెరిపేయకండి. అది "మారితే గెలుపు" గడిలో వేయాల్సిందే, ఎందుకంటే నియమం ప్రకారం అతను రెండో కప్పు ఎత్తి ఉండాలి. ఇలాంటి పొరపాట్లు రాకుండా గింజ ఎక్కడుందో యాంకర్ ఒక చీటీ మీద రాసుకుని మడిచి పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఫలితం సరిచూసుకోవడం ఇలా. 30 ఆటల్లో మారితే 20 రావాలి, కానీ సరిగ్గా 20 వచ్చి తీరాలని లేదు. ఆటలేవీ చెరిపేయకుండా ఆడితే, 15 నుంచి 25 లోపు ఏది వచ్చినా మామూలే. బయటకు పోతే యాంకర్ తీరు ఒకసారి గమనించండి. పది ఆటలకే ఆపి తీర్పు చెప్పకండి. పది ఆటల్లో సరిగ్గా ఐదూ ఐదూ రావడం ఏడింట ఒకసారి జరిగేదే. దాన్ని చూసి "చూడండి సార్, సగం సగమే" అని ఫోటో పంపినవాళ్ళు నాకు ఇద్దరున్నారు. ఇంకో ఇరవై ఆడమని చెప్పాను.

7. తోడు లేకపోతే కంప్యూటర్‌తో

1990లో మారిలిన్ వోస్ సావంత్ అనే అమెరికా రచయిత్రి తన పత్రికా శీర్షికలో "మారడమే మేలు" అని రాస్తే, కాదంటూ వేలాది ఉత్తరాలు వచ్చాయి. రాసినవాళ్ళలో డాక్టరేట్ ఉన్న లెక్కల పంతుళ్ళు కూడా ఉన్నారు. పాల్ ఎర్డోష్ అంతటి గణిత శాస్త్రవేత్త సైతం కంప్యూటర్‌లో ఆడించి చూపించేదాకా ఒప్పుకోలేదు. మీకు వెంటనే ఒప్పుదల కలగకపోతే దిగులు పడాల్సింది లేదు. పైథాన్ ఉన్న ఏ కంప్యూటర్లో అయినా, ఫోన్లో అయినా ఇది నడుస్తుంది:

```
import random
stay = switch = 0
for i in range(10000):
    car = random.randint(1, 3)
    pick = random.randint(1, 3)
    doors = [d for d in (1, 2, 3) if d != pick and d != car]
    opened = random.choice(doors)
    other = 6 - pick - opened
    if pick == car:
        stay += 1
    if other == car:
        switch += 1
print(stay, switch)
```

`6 - pick - opened` అన్నది చిన్న కిటుకు: మూడు తలుపుల నంబర్లు కలిపితే 6, అందులోంచి రెండు తీసేస్తే మిగిలిన తలుపు నంబరు వస్తుంది. నడిపితే 3333, 6667 దగ్గర దగ్గరగా రెండు సంఖ్యలు రావాలి. 150 దాకా అటూ ఇటూ ఉన్నా ఫర్వాలేదు. రెండూ కలిపితే మాత్రం సరిగ్గా 10000 రావాలి. రాకపోతే ఎక్కడో టైపు తప్పు ఉంది.

అలా వచ్చాక ఒక్క మార్పు చేయండి. `doors` వరుసలో `and d != car` అన్న ముక్క చెరిపేసి మళ్ళీ నడపండి. యాంకర్‌కి కారు ఎక్కడుందో తెలియకుండా చేయడం అంటే అంతే. ఈసారి రెండు సంఖ్యలూ 3333 చుట్టుపక్కల వస్తాయి. కలిపితే 10000 రాదు, మూడో వంతు తగ్గుతుంది. తగ్గిన ఆ మూడు వేల పైచిలుకు ఆటలు యాంకర్ కారునే తెరిచేసినవి. మిద్దె మీద నేను "మళ్ళీ ఆడదాం" అని చెరిపేసినవి అవే.